కాలనీలు రాకపోతే లైగేషన్‌ను తిట్టకండి: కాంపిటెంట్ సెల్స్ అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో మా ల్యాబ్ పని ఎక్కువగా రొయ్యల చుట్టూ తిరుగుతుంది. చెరువుల నుంచి వచ్చే వెనామీ శాంపిళ్లకు వైట్ స్పాట్ వైరస్ పీసీఆర్ చేస్తాం. దానికి పాజిటివ్ కంట్రోల్ ప్లాస్మిడ్ కావాలి కాబట్టి క్లోనింగ్ కూడా చేసుకుంటాం. అందుకే చుట్టుపక్కల కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలు ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే ఈ.కోలై సెల్స్‌లోకి ప్లాస్మిడ్ ఎక్కించడం, రాకపోతే మాకే ఫోన్ చేస్తారు. కిందటి నెల కావలి నుంచి ఒకమ్మాయి రాత్రి తొమ్మిదికి చేసింది. "మేడమ్, మూడోసారి కూడా ఒక్క కాలనీ రాలేదు. లైగేషన్ చెడిపోయినట్టుంది, కొత్త కిట్ కొనమంటున్నారు" అంది. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది, ప్రాజెక్టుకు ఇంకా మూడు వారాలే ఉంది మరి.

"సెల్స్ చెక్ చేశావా అమ్మా?" అన్నాను.

"చేశాం మేడమ్. ఆంపిసిలిన్ లేని ఎల్‌బీ ప్లేట్ మీద నిండుగా పెరిగాయి. సెల్స్ బాగానే ఉన్నాయి."

ఇదే అసలు అపోహ. పిల్లల డబ్బూ కాలమూ అన్నిటికంటే ఎక్కువగా తినేది ఇదే. ఎల్‌బీ ప్లేట్ మీద పెరిగాయంటే సెల్స్ బతికున్నాయని మాత్రమే అర్థం. బతికున్న సెల్‌కీ, డీఎన్‌ఏ తీసుకోగల సెల్‌కీ, అంటే కాంపిటెంట్ సెల్‌కీ, చాలా తేడా ఉంది. కాల్షియం క్లోరైడ్ పద్ధతిలో మంచి బ్యాచ్‌లో కూడా డీఎన్‌ఏ తీసుకునేవి కొద్ది పాళ్లే. ఆ కొద్ది పాళ్లు వందో వంతుకు పడిపోయినా ఎల్‌బీ ప్లేట్ అట్టాగే నిండుగా కనిపిస్తుంది.

సెల్స్ సంగతి తెలియాలంటే ఒకటే దారి: తెలిసిన ప్లాస్మిడ్‌ను తెలిసినంత కొలతలో వేసి కాలనీలు లెక్కపెట్టాలి. నేను ప్రతి కొత్త బ్యాచ్‌కూ పీయూసీ19 వంద పికోగ్రాములు, అంటే 0.1 నానోగ్రాము, వంద మైక్రోలీటర్ల సెల్స్‌లో వేస్తాను. హీట్ షాక్ తర్వాత ఎస్‌ఓసీ మీడియం కలిపి మొత్తం ఒక మిల్లీలీటరు చేసి, గంటసేపు 37 డిగ్రీల్లో ఉంచి, అందులో వంద మైక్రోలీటర్లు ఆంపిసిలిన్ ప్లేట్ మీద పరుస్తాను. పదో వంతు పరిచాం కాబట్టి ప్లేట్ మీద పడిన డీఎన్‌ఏ పది పికోగ్రాములు. ఒక మైక్రోగ్రాములో అటువంటి పది పికోగ్రాములు లక్ష ఉంటాయి. అందుకని ప్లేట్ మీద ఎన్ని కాలనీలు వస్తే దాన్ని లక్షతో గుణిస్తే మైక్రోగ్రాముకు ఎఫిషియెన్సీ వచ్చేస్తుంది. 120 కాలనీలు వచ్చాయంటే కోటీ ఇరవై లక్షలు. ఇంట్లో చేసుకున్న కాల్షియం క్లోరైడ్ సెల్స్‌కు అది చాలా మంచి అంకె.

ఆ అమ్మాయిని సెల్స్ ఐస్‌లో పెట్టుకుని తీసుకురమ్మన్నాను. వేశాం. నాలుగు కాలనీలు! అంటే నాలుగు లక్షలు. చేతిలో తయారు ప్లాస్మిడ్ ఉంటే ఆ సెల్స్‌తో కూడా పని నడుస్తుంది. లైగేషన్‌కు మాత్రం చాలదు. అతికిన డీఎన్‌ఏ సూపర్‌కాయిల్డ్ ప్లాస్మిడ్ అంత సులువుగా లోపలికి పోదు, పైగా లైగేషన్ ట్యూబులో సరిగ్గా అతికి గుండ్రమైనది కొంచెమే ఉంటుంది.

ఇక సెల్స్ ఎందుకు అట్టా అయ్యాయో చూద్దాం. కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే అంకె ఓడీ. "ఓడీ ఎంతలో ఆపావు?" అంటే "0.9 మేడమ్. పెల్లెట్ పెద్దగా వస్తే కాలనీలు ఎక్కువ వస్తాయని సీనియర్ చెప్పాడు" అంది. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ ప్రతి ల్యాబ్‌లో వినపడుతుంది. నిజం సరిగ్గా దీనికి ఎదురు. డీఎన్‌ఏ తీసుకునేది జోరుగా పెరుగుతున్న సెల్. కల్చర్ చిక్కబడి పెరుగుదల మందగించేసరికి కణం పైపొరలు మారిపోతాయి, కాల్షియం ఎంత పోసినా లొంగవు. మిల్లీలీటరుకు పది కోట్ల సెల్స్ దాటకూడదన్నది పాత లెక్క. చాలా స్ట్రెయిన్లకు అది ఓడీ 0.4 దగ్గర. డీహెచ్5 ఆల్ఫాను నేను 0.35, 0.4 మధ్య ఆపుతాను.

అయితే ఈ అంకెను గుడ్డిగా నమ్మకండి. ఓడీ అంటే సెల్స్ కాంతిని చెదరగొట్టే తీరు. ఒక మెషీన్‌లో 0.4 అన్నది ఇంకో మెషీన్‌లో 0.5 చూపించవచ్చు. మీ మెషీన్‌లో ఏ ఓడీ దగ్గర మంచి సెల్స్ వస్తున్నాయో ఒకసారి పీయూసీ19తో తేల్చుకుంటే ఆ అంకె మీకు ఎప్పటికీ పనికొస్తుంది. రాత్రంతా పెంచిన కల్చర్ ఒక మిల్లీలీటరు, వంద మిల్లీలీటర్ల ఎల్‌బీలో వేసి పెద్ద ఫ్లాస్కులో 37 డిగ్రీల్లో తిప్పితే రెండున్నర, మూడు గంటలు పడుతుంది. రెండో గంట నుంచి పావుగంటకోసారి ఓడీ చూడండి. 0.4 దగ్గర వదిలేసి టీకి వెళ్తే తిరిగొచ్చేసరికి 0.7 అయి ఉంటుంది.

ఓడీ 0.38లో ఆపి ఆ అమ్మాయితోనే మళ్లీ చేయించాను. ఆపిన క్షణం నుంచి అంతా చలిలోనే. మే నెలలో మా ఊళ్లో బయట ఎండే హీట్ షాక్ అంత ఉంటుంది, బెంచ్ మీద ఐదు నిమిషాలు పెట్టినా సెల్స్ పాడవుతాయి. రొయ్యల ప్యాకింగ్‌కు ఐస్ వేసే ఫ్యాక్టరీ నుంచే మేమూ ఒక దిమ్మ తెచ్చి పగలగొట్టుకుంటాం. ఫ్లాస్కు, ట్యూబులు, టిప్పులు, సెంట్రిఫ్యూజ్, కాల్షియం క్లోరైడ్ అన్నీ ముందే చల్లబడి ఉండాలి. ఫ్లాస్కును పది నిమిషాలు ఐస్‌లో ఉంచి, నాలుగు డిగ్రీల్లో తిప్పి, పెల్లెట్‌ను చల్లని మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో కలపాలి. మళ్లీ తిప్పాక, ప్రతి 50 మిల్లీలీటర్ల కల్చర్‌కు రెండు మిల్లీలీటర్ల 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లో వేయాలి. కలిపేటప్పుడు వోర్టెక్స్ జోలికి పోవద్దు, ట్యూబును ఐస్‌లోనే మెల్లగా ఊపితే చాలు. ఆ సెల్స్‌ను కాల్షియంలో అట్టాగే ఓ రాత్రి నాలుగు డిగ్రీల్లో ఉంచితే ఎఫిషియెన్సీ నాలుగు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది. 24 గంటలు దాటితే మళ్లీ పడిపోతుంది.

ఈసారి పీయూసీ19 ప్లేట్ మీద 120 కాలనీలు వచ్చాయి, ముప్పై రెట్లు తేడా. చెడిపోయిందని పారేయబోయిన ఆ పాత లైగేషన్ మైనస్ ఇరవైలో ఉంటే అందులోంచే రెండు మైక్రోలీటర్లు కొత్త సెల్స్‌లో వేశాం. తెల్లారేసరికి కాలనీలు! ఎనిమిదింటికి కాలనీ పీసీఆర్ చేస్తే ఆరింటిలో ఇన్సర్ట్ ఉంది. లైగేషన్‌లో ఏ తప్పూ లేదు, ఆ పిల్ల ఉత్తినే మూడు వారాలు పోగొట్టుకుంది.

మిగతా అపోహలు రెండు మాటల్లో చెప్తాను. హీట్ షాక్ ఎక్కువసేపు ఇస్తే ఎక్కువ వస్తాయనుకోవద్దు. 42 డిగ్రీల్లో పలుచటి చిన్న ట్యూబుకు 45 సెకన్లు చాలు. పుస్తకాల్లో కనిపించే 90 సెకన్లు మందపాటి పెద్ద ట్యూబుకు. వాటర్ బాత్ మీద అంకెను కాకుండా నీళ్లలో ముంచిన థర్మామీటర్‌ను నమ్మండి. డీఎన్‌ఏ ఎక్కువ పోసినా లాభం లేదు, ఒక హద్దు దాటాక కాలనీలు పెరగవు. లైగేషన్ మిక్స్ మరీ ఎక్కువ పోస్తే అందులోని బఫర్ సెల్స్‌కే అడ్డం పడుతుంది. పెద్ద కాలనీ చుట్టూ చిన్న చిన్నవి మొలిస్తే అవి శాటిలైట్లు, వాటిని ఎత్తకండి. ఫ్లాస్కును సబ్బుతో కడిగితే చాలనుకోవడం కూడా తప్పు, లోపల మిగిలిన డిటర్జెంట్ చాలు బ్యాచ్ మొత్తం చెడగొట్టడానికి. సెల్స్‌కు వాడే గాజుసామాను వేరే పెట్టి మంచినీళ్లతో చాలాసార్లు తొలపండి.

ఫ్రీజర్ సంగతి కాస్త ఆగి చెప్పాలి, కరెంటు పోయిన మర్నాడల్లా ఇదే అడుగుతారు కాబట్టి. ఒకసారి కరిగిన కాంపిటెంట్ సెల్స్‌ను మళ్లీ గడ్డకట్టిస్తే పనికిరావు, మంచు లోపల పైపొరలు చిరిగిపోతాయి. పదిహేను శాతం గ్లిజరాల్ కలిపి, వంద మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పోసి, ద్రవ నైట్రోజన్‌లో ఒక్కసారిగా గడ్డకట్టించి మైనస్ 80లో పెట్టండి. ఒక్కో ట్యూబు ఒకసారికే. మా ఫ్రీజర్ ఒక ఎండాకాలం మధ్యాహ్నమంతా ఆగిపోయింది. సాయంత్రానికి ట్యూబులు పైకి గట్టిగానే కనిపించాయి. నమ్మబుద్ధి కాక ఒకటి తీసి పీయూసీ19 వేశాను, రెండే కాలనీలు వచ్చాయి. ఆ డబ్బా మొత్తం ఆటోక్లేవ్‌లో పెట్టి, మర్నాడు పొద్దున్నే కొత్త కల్చర్ వేశాను.