పదకొండు స్కూళ్లు, ఐదు బైలు

హన్మకొండకు దగ్గర్లోని ఒక మండలంలో అండర్-14 కబడ్డీ పోటీలు. దసరా సెలవులకు ముందు రోజులు. గ్రౌండ్‌లో ఒకటే కోర్టు, సున్నంతో గీతలు గీసి ఉంది. పదకొండు స్కూళ్లు వచ్చాయి. నేను లెక్కల మాస్టారిని కాబట్టి, ఆట రాకపోయినా, స్కోరు షీట్లు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. ఫిక్స్చర్ గీసిన సార్ పద్ధతి చాలా సులువు. చిట్టీలు తీసి వరసగా జతలు కట్టారు. ఐదు జతలు అయ్యాక ఒక స్కూల్ మిగిలింది. దానికి బై ఇచ్చారు, అంటే ఆ రౌండ్‌లో ఆడకుండానే ముందుకు వెళుతుంది.

ఐదుగురు గెలిచినవాళ్లు, ఒక బై, మొత్తం ఆరు. మూడు మ్యాచ్‌లు ఆడితే మూడు జట్లు మిగిలాయి. మూడు బేసి సంఖ్య. మళ్లీ చిట్టీ తీశారు. మొదటి రౌండ్‌లో బై వచ్చిన జట్టుకే మళ్లీ బై వచ్చింది. ఆ జట్టు ఒక్క మ్యాచ్ ఆడి ఫైనల్లో నిలబడింది. ఎదుటి జట్టు పిల్లలు అప్పటికే మూడు మ్యాచ్‌లు ఆడి మోకాళ్లు చెక్కుకుని ఉన్నారు. ఫైనల్ ఎలా జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. వాళ్ల హెడ్‌మాస్టర్ గొడవ పడ్డారు. "లాట్ అట్లనే వచ్చింది సార్, మేమేం చేస్తం?" అన్నారు నిర్వాహకులు. నిజమే, లాట్‌లో మోసం ఏమీ లేదు. తప్పు లెక్కలోనే ఉంది.

నాకౌట్‌లో మ్యాచ్‌ల సంఖ్య ఎప్పుడూ జట్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ. ప్రతి మ్యాచ్ ఒక జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కటే మిగలాలి, కాబట్టి పదకొండింటికి పది మ్యాచ్‌లు. ఆ సార్ గీసినదానిలోనూ 5, 3, 1, 1 కలిపితే పదే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ బై ఏ రౌండ్‌లో పడిందన్నది చాలా పెద్ద తేడా. మొదటి రౌండ్‌లో బై అంటే ఒక మ్యాచ్ తక్కువ ఆడటం, అంతే. సెమీస్‌లో బై అంటే ఫైనల్‌ను చేతిలో పెట్టినట్టే.

సరైన పద్ధతిలో బైలన్నీ మొదటి రౌండ్‌లోనే అయిపోతాయి. రెండో రౌండ్‌కు వచ్చేసరికి జట్లు 2, 4, 8, 16లలో ఏదో ఒకటై ఉండాలి. అప్పుడు సగానికి సగం తగ్గుతూ పోతే ఎక్కడా బేసి రాదు. పదకొండు తరువాత వచ్చే అలాంటి సంఖ్య 16. పదహారులోంచి పదకొండు తీస్తే ఐదు బైలు. మిగిలిన ఆరు జట్లు మూడు మ్యాచ్‌లు ఆడతాయి. ముగ్గురు గెలిచినవాళ్లు, ఐదు బైలు, ఎనిమిది. ఇక 4, 2, 1.

బైలు ఎవరికన్నదానికీ ఒక వరస ఉంది. కాగితం మీద 1 నుంచి 11 దాకా స్థానాలు వేసుకుని, 1 నుంచి 6 పై భాగం, 7 నుంచి 11 కింది భాగం అనుకోండి. మొదటి బై కింది భాగం చివర, అంటే 11కి. రెండోది పై భాగం మొదట, 1కి. మూడోది కింది భాగం మొదట, 7కి. నాలుగోది పై భాగం చివర, 6కి. ఐదోది మళ్లీ కింది భాగంలో చివరి నుంచి రెండో స్థానం, 10కి. ఆడేది 2-3, 4-5, 8-9. రెండో రౌండ్‌లో 2-3 విజేతతో 1, 4-5 విజేతతో 6, 8-9 విజేతతో 7 తలపడతాయి. 10, 11 ఒకదానితో ఒకటి ఆడతాయి. చిట్టీ తీసేది స్థానానికి, బైకి కాదు. పోయిన ఏడాది ఫైనల్ ఆడిన రెండు జట్లను చిట్టీలో కలపకుండా 1, 11 స్థానాల్లో పెడితే అవి ఫైనల్లో తప్ప కలుసుకోవు.

అయినా నాకౌట్‌కు పోని లోపం ఒకటుంది. అది మొదటి జట్టును చెబుతుంది గానీ రెండోదాన్ని చెప్పదు. బలమైన జట్టు ఎప్పుడూ గెలుస్తుందనే అనుకుందాం. చిట్టీలే తీస్తే, రెండో బలమైన జట్టు ఫైనల్‌కు రావడానికి అది మొదటిదానికి అవతలి భాగంలో పడాలి. పదకొండింట్లో ఆ అవకాశం 11కి 6, సగం కంటే కాస్త మించి. రన్నరప్ కప్పు తీసుకునే జట్టు నిజంగా రెండోదేనా అంటే ఇంచుమించు బొమ్మా బొరుసే.

లీగ్‌లో ఆ బాధ లేదు. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడుతుంది. దాన్నే రౌండ్ రాబిన్ అంటారు, ఒకసారి చొప్పున ఆడితే సింగిల్, రెండుసార్లైతే డబుల్. కానీ పదకొండు జట్లకు 55 మ్యాచ్‌లు. పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్య ఐదు నిమిషాల విరామం, జట్లు మారే సమయం కలిపి మ్యాచ్‌కు 45 నిమిషాలు వేసుకుంటే, ఒక కోర్టు మీద నాకౌట్ ఏడున్నర గంటల్లో అయిపోతుంది. లీగ్‌కు 41 గంటలు దాటుతుంది. మండల స్థాయిలో అది కుదరని పని.

మధ్యేమార్గం పూల్స్, అంటే జట్లను గుంపులుగా విడగొట్టి ఏ గుంపుకు ఆ గుంపులో లీగ్ ఆడించడం. ఆరు, ఐదు చొప్పున రెండు పూల్స్ చేసి, ఒక్కోదాంట్లో మొదటి రెండు జట్లతో సెమీస్ ఆడిస్తే 15, 10, 2, 1 కలిపి 28 మ్యాచ్‌లు. రెండు కోర్టులు, రెండు రోజులు ఉంటే నా ఓటు దీనికే. ఐదు జట్ల పూల్ మళ్లీ బేసి కదా అంటారేమో. ఇక్కడ బై గురించి గొడవే ఉండదు. బైని ఆరో స్కూల్ అనుకోండి, కనిపించని స్కూల్. దానితో ఎవరికి జత పడితే వాళ్లకు ఆ రౌండ్‌లో విశ్రాంతి. ఐదు రౌండ్లలో ఆ స్కూల్ ఐదుగురితోనూ ఒక్కోసారి జత కడుతుంది, కాబట్టి అందరికీ సరిగ్గా ఒకే బై.

గీయడానికి ఎదురెదురుగా రెండు వరసలు రాస్తే చాలు. ఎడమ వరసలో పై నుంచి బై, 2, 3, కుడి వరసలో 1, 5, 4. అడ్డంగా చదివితే మొదటి రౌండ్: 1కి బై, 2-5, 3-4. ఇక బైని కదపకుండా, ప్రతి స్థానంలోని సంఖ్యను ఒకటి తగ్గిస్తూ పొండి. 1 తరువాత 5 వస్తుంది. రెండో రౌండ్ 5కి బై, 1-4, 2-3. మూడోది 4కి బై, 5-3, 1-2. నాలుగోది 3కి బై, 4-2, 5-1. ఐదోది 2కి బై, 3-1, 4-5. పది మ్యాచ్‌లూ వచ్చాయి, ఏదీ రెండుసార్లు రాలేదు.

ఇక ప్రతిసారీ ఎదురయ్యే టెన్షన్ ఒకటుంది. నాకౌట్ ఫిక్స్చర్ గీసి గోడకు అంటించాక, పదిన్నరకు ఆటోలో పన్నెండో స్కూల్ దిగుతుంది. బస్సు రాలేదంటారు. పిల్లల్ని వెనక్కి పంపడానికి మనసొప్పదు. చాలామంది మొత్తం చింపి మళ్లీ చిట్టీలు తీస్తారు, అప్పుడు బై వచ్చినవాళ్లు ఊరుకోరు. చింపక్కర్లేదు. పన్నెండు జట్లంటే బైలు నాలుగే, పై భాగంలో ఆరు, కింది భాగంలో ఆరు. చివర ఇచ్చిన బైని వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. కొత్త జట్టును 10కి పక్కన రాస్తే, 10 ఆ జట్టుతో ఆడుతుంది, గెలిచినవాళ్లు 11తో తలపడతారు. మిగతా కాగితం మీద ఒక్క గీత కూడా మారదు. పదో స్థానం పిల్లలను మాత్రం ఆ నీడలోంచి లేపి, బూట్లు వేసుకోమని చెప్పాలి.