రాగి జావ తాగుతాంది, చార్ట్‌లో పచ్చలోనే ఉంది, మరి పాప ఎందుకు పెరగట్లేదు?

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక తొమ్మిది నెలల పాపని వాళ్ళవ్వ ఎత్తుకొచ్చింది, వెనకాల తల్లి. "మూడు పూట్లా రాగి జావ తాపుతాండాం మేడమ్, కప్పుకి కప్పు తాగేస్తాది, అయినా ఒళ్ళు పట్టడంల్యా" అని అవ్వ కంప్లైంట్. చేతిలో తల్లీబిడ్డల కార్డు ఉంది, అందులో బరువు చుక్కలన్నీ పచ్చ రంగులోనే ఉన్నాయి, అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ కంగారు పడలేదు. అసలు సంగతి ఆ చుక్కల్లోనే ఉంది, కాకపోతే ఒక్కో చుక్కని విడిగా చూస్తే కనపడదు.

ఆరో నెలలో పాప బరువు 7 కిలోలు. ఆడపిల్లలకి ఆ వయసులో మధ్య గీత 7.3, కాబట్టి బాగానే ఉన్నట్టు. ఏడో నెల 7.1, ఎనిమిదిలో 7.1, తొమ్మిదిలో మళ్ళీ 7.1. కార్డులో పచ్చ దాటి పసుపులోకి రావాలంటే తొమ్మిది నెలల ఆడపిల్ల 6.5 కంటే తగ్గాలి, ఈ పాప ఇంకా చాలా పైనే ఉంది. కానీ ఈ మూడు నెలల్లో గీత తన దారిలో వెళ్ళుంటే 800, 900 గ్రాములు పెరగాల్సింది, పెరిగింది 100. చార్ట్ చదవడం అంటే ఇదే, రంగు కాదు చూడాల్సింది, చుక్కల్ని కలిపే గీత పక్కనున్న ప్రింటు గీతతో పాటు పైకి పోతాందా లేక అడ్డంగా పడుకుందా అన్నది. సన్నగా ఉన్నా కింద గీత పక్కనే నెలనెలా ఎక్కుతున్న పిల్ల కంటే, పచ్చ మధ్యలో ఉండి మూడు నెలలు అడ్డంగా పోయిన పిల్లే నాకు ఎక్కువ భయం.

ఒక్క నెల ఆగిందని మాత్రం హడావుడి పడొద్దు. విరేచనాలో జ్వరమో వచ్చుంటే ఆగుతాది, తర్వాత అందుకుంటాది. ఒకసారి స్వెటర్‌తో, ఇంకోసారి ఉత్త ఒంటితో తూచినా, రెండు వేరే కాటాల మీద తూచినా గీత అబద్ధం చెప్తాది. ఆడపిల్ల చుక్కని మగపిల్లల చార్ట్‌లో పెట్టేసిన కార్డులు కూడా చూశా.

ఇప్పుడు జావ సంగతి. ఎట్లా కాస్తారమ్మా అంటే గ్లాసు నీళ్ళకి ఒక పెద్ద స్పూను పిండి, వడకట్టి, సీసాలో పోసి తాపుతారంట, నిపుల్ రంధ్రం కొంచెం పెద్దది చేశారంట సులువుగా దిగాలని. ఒక పెద్ద స్పూను పిండి అంటే పది గ్రాములు, అందులో 30, 35 కేలరీలు ఉంటాయి. మూడు కప్పులు తాగితే వంద. తల్లిపాలు కాకుండా ఈ వయసు పిల్లకి తిండి నుంచి రోజుకి దాదాపు 300 రావాలి. ఏడు కిలోల పిల్ల కడుపులో ఒకసారికి 200 మిల్లీలీటర్లకి మించి పట్టదు, ఆ జాగా అంతా నీళ్ళతో నింపేశాక పాలు కూడా తక్కువ తాగుతాది. అంటే జావ బలం పెంచకపోగా పాల నుంచి వచ్చేదాన్ని కూడా తగ్గించింది.

రాగులు తప్పు కాదు, నీళ్ళు తప్పు. సీసా తీసేసి గిన్నె, స్పూను పెట్టమన్నా, స్పూను వంచితే జారిపోకుండా నిలిచేంత గట్టిగా. చిన్న గిన్నెకి రెండున్నర పెద్ద స్పూన్ల పిండి, ఒక టీస్పూను నెయ్యి, ఒక టీస్పూను శెనిక్కాయల ముద్ద వేస్తే 160 కేలరీల దాకా వస్తాయి, కప్పు అదే. గట్టిగా ఉంటే మింగదు అంటారు చాలామంది, అప్పుడు మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి కొంచెం కలపాలి. మొలకల్లో పిండిపదార్థాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ పుడతాది, దాంతో అంతే పిండి వేసినా జావ సాగకుండా మెత్తగా జారతాది. మొలకల పిండి జావ పలచగా కనిపించినా పర్లేదు అనేది అందుకే, కంటికి కాదు, పిండి కొలతకి విలువ.

ఇక ఐరన్. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోనే కొంత ఐరన్ దాచుకొని వస్తాది, అది ఆరు నెలలకి దాదాపు ఖాళీ. తల్లిపాలలో ఉండేది లీటరుకి అర మిల్లీగ్రాము కూడా కాదు. పిల్ల రక్తంలోకి రోజుకి 0.7 నుంచి 0.9 మిల్లీగ్రాముల దాకా చేరాలి. రాగుల్లో ఐరన్ వంద గ్రాములకి నాలుగున్నర మిల్లీగ్రాముల పైన ఉంటాది కదా అంటారు, నిజమే, కానీ పాప తినే 30 గ్రాముల్లో 1.4, అందులో ఐరన్‌ని ఒంటికి పట్టనీయకుండా అడ్డుపడే ఫైటేట్లు అనే పదార్థాలు పట్టేసుకోగా నూటికి ఐదు వంతులు ఒంట్లోకి వెళ్ళాయనుకున్నా 0.07. అవసరంలో పదో వంతు. మొలకెత్తిస్తే ఫైటేట్లు కొంత తగ్గుతాయి, పప్పులో నిమ్మరసం పిండినా, తర్వాత మెత్తటి జామపండు గుజ్జు పెట్టినా (గింజలు తీసేసి) శోషణ పెరుగుతాది. మాంసం తినే ఇల్లయితే కోడి కార్జం బాగా ఉడికించి మెత్తగా నలిపి వారానికి ఒకసారి రెండు స్పూన్లు పెట్టొచ్చు, దాంట్లో ఐరన్ సులువుగా ఒంటికి పడతాది, విటమిన్ ఏ మరీ ఎక్కువ కాబట్టి రోజూ వద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే ఐరన్ సిరప్, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, అందుకే ఉంది. విరేచనం నల్లగా వస్తే భయపడి ఆపేస్తారు, అది మందు రంగే.

ఒక ముఖ్యమైన మాట, ఐరన్ తక్కువ ఉందా అనేది బరువు చార్ట్ చెప్పలేదు. డబ్బా నిండా ఆవుపాలు తాగి బొద్దుగా ఉన్న పిల్లోడికి కూడా రక్తం తక్కువుంటాది. అందుకే ఈ పాపకి అరచేతులు తెల్లగా అనిపించి రక్తపరీక్ష రాయించాం, హిమోగ్లోబిన్ 9.4. అంత తక్కువుంటే సిరప్ చాలదు, బరువు చూసి డాక్టర్ రోజూ వేసే డ్రాప్స్ ఇస్తారు.

శెనిక్కాయలు అనగానే అవ్వ ఉలిక్కిపడింది, "పైత్యం చేస్తాదంట గదా, ఏడాది దాకా వద్దన్నారే!" మా జిల్లా పంటే అది, పెట్టేది మాత్రం భయం భయంగా. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఆలస్యం చేయమనేవాళ్ళు, అలర్జీ రాకుండా. 2015లో లండన్‌లో వచ్చిన లీప్ అధ్యయనం అది తలకిందులు చేసింది. ఎగ్జిమా అనే దురద తామర బాగా ఉన్నోళ్ళు, గుడ్డు అలర్జీ ఉన్నోళ్ళు, ఇట్లాంటి 640 మంది పిల్లల్లో సగం మందికి పసితనం నుంచే పల్లీ పెట్టారు, మిగతా సగానికి ఐదేళ్ళ దాకా పెట్టలేదు. ఐదేళ్ళకి పెట్టని వాళ్ళలో నూటికి 17 మందికి అలర్జీ, పెట్టిన వాళ్ళలో ముగ్గురికి. ముందు కడుపు ద్వారా పరిచయమైతే శరీరం తిండి అని అలవాటు పడతాదని, పగిలిన చర్మం ద్వారా ముందు తగిలితే శత్రువనుకుంటాదని శాస్త్రవేత్తల వివరణ.

గింజ మాత్రం గింజగా ఐదేళ్ళ దాకా వద్దు, గొంతులో పడితే ఊపిరాడదు. బూజు పట్టినవి, నల్లబడినవి ఏరేసి, వేయించి మెత్తగా నూరి, గోరువెచ్చటి జావలో బాగా కలిపేయాలి. మొదటిసారి పొద్దున పూట స్పూను కొసకంత పెట్టి పది నిమిషాలు ఆగి మిగతాది, ఆ తర్వాత రెండు గంటలు కనిపెట్టుకొని ఉండాలి. దద్దుర్లు, పెదాలు వాయడం, మళ్ళీ మళ్ళీ వాంతులు కనిపిస్తే ఆపి డాక్టర్‌కి చూపించాలి, ఆయాసమో సోలిపోవడమో ఉంటే నిమిషం ఆగకుండా ఆస్పత్రికి. తామర బాగా ఉన్న పిల్లలైతే మొదటి స్పూనుకి ముందే డాక్టర్‌ని అడగాలి. ఏమీ కాకపోతే ఒకసారితో వదిలేయకుండా వారానికి రెండు మూడుసార్లు పెడుతూ ఉండాలి, బాగా ఉడికిన గుడ్డుకీ ఇదే పద్ధతి. కొత్తది ఒక్కొక్కటి విడిగా పెడితే దేనికి పడలేదో తెలుస్తాది.

పదో నెలలో పాప 7.5, పదకొండులో 7.9. గీత మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. డ్రాప్స్ మాత్రం ఆపొద్దన్నాం, హిమోగ్లోబిన్ సరి అయ్యాక కూడా ఒంట్లో నిల్వ నిండడానికి ఇంకొన్ని నెలలు వేయాల్సి ఉంటాది, బరువు పెరిగింది కదా అని సీసా పక్కన పడేసే ఇళ్ళే ఎక్కువ.