పది గదుల నుంచి ఒక గదికి: పీజీ ఇంటర్వ్యూలో కోపిష్టి పేషెంట్ ఎలా మిగిలాడు

మెడికల్ పీజీ సీట్లను ఇంటర్వ్యూతో తేల్చే చోటల్లా ఫలితాలు వచ్చాక ఒకటే గొడవ. ఈసారీ అదే. రాత మార్కుల్లో ముందుండి ఇంటర్వ్యూలో వెనకబడ్డవాళ్లు అనేది ఒక్కటే: ఒక్క పేషెంట్ సీన్ ఇచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడించి, మా స్వభావం ఇంతే అని తేల్చేశారు. డిపార్ట్‌మెంట్ల వైపు జవాబు కూడా పాతదే. మూడేళ్లు పక్కన నిలబడి పనిచేయాల్సిన మనిషిని కాగితం మీద మార్కులు చూసి ఎలా తీసుకుంటాం, కోపంగా ఉన్న పేషెంట్ ముందు ఎలా ఉంటాడో చూడొద్దా అని.

ఇద్దరి మాటలోనూ పస ఉంది. కానీ ఈ కోపిష్టి పేషెంట్ ఇంటర్వ్యూ గదిలోకి ఎలా వచ్చాడో, వచ్చినప్పుడు వెంట ఎవరెవరు ఉన్నారో తెలిస్తే మొదటివాళ్ల ఫిర్యాదు ఇంకాస్త బరువుగా కనిపిస్తుంది.

ఇంటర్వ్యూల మొదటి రోజుల కథ అందరికీ తెలిసిందే. ముగ్గురు పెద్దవాళ్లు, ఒక బల్ల, 'ఎందుకు డాక్టర్ కావాలనుకున్నావు' అనే ప్రశ్న. దాన్ని దాటేసి 1979కి వెళ్దాం. ఆ ఏడాది హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 150 మందిని ఎంచుకుని జాబితా ముగించింది. ఆ తర్వాత సీట్లు 200 చేయమని రాష్ట్ర శాసనసభ చెప్పింది. దాంతో అప్పటికే వద్దనుకున్న వాళ్లలోంచి ఇంకో 50 మందిని పిలవాల్సి వచ్చింది. కాలేజీ కావాలని పెట్టుకున్న ప్రయోగం కాదిది, అనుకోకుండా జరిగిపోయింది. తర్వాత లెక్క చూస్తే, ముందు ఎంచుకున్న 150 మందికీ, వద్దని మళ్లీ పిలిచిన ఈ 50 మందికీ చదువులో, వార్డు పనిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. 1987లో ఇది జర్నల్‌లో అచ్చయింది. ఇంటర్వ్యూలో 'నచ్చలేదు' అన్నది ఆ తర్వాత దేన్నీ చెప్పలేకపోయిందన్నమాట.

అది ఎంబీబీఎస్ స్థాయి మాట కదా, పీజీకి ఎలా వర్తిస్తుంది అని కొందరంటారు. నిజమే. కానీ ప్రశ్నలు అడిగేవాళ్లూ, మార్కులు వేసే పద్ధతీ రెండు చోట్లా ఒకటే.

అసలు మలుపు 2002లో వచ్చింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 117 మంది అభ్యర్థులతో ఒక కొత్త పద్ధతి పరీక్షించి చూసింది. ఒక్క ప్యానెల్ బదులు పది చిన్న గదులు. ప్రతి గది తలుపు మీద ఒక పరిస్థితి రాసి ఉంటుంది. అభ్యర్థి బయట రెండు నిమిషాలు చదువుకుని, లోపల ఎనిమిది నిమిషాలు మాట్లాడి, గంట మోగగానే పక్క గదికి పోవాలి. ఒక గదిలో నీతికి సంబంధించిన చిక్కు, ఇంకో గదిలో కోపంగా ఉన్న మనిషి, మరో గదిలో తప్పు చేసిన సహోద్యోగి. ఇలా గది గదికీ తిప్పే ఆలోచన అంతకు ముందే ఉంది. రొనాల్డ్ హార్డెన్ 1975లో స్కాట్లండ్‌లో మొదలుపెట్టిన, మన డాక్టర్లందరికీ 'ఓస్కీ'గా తెలిసిన క్లినికల్ పరీక్షదే ఆ పద్ధతి.

ఈ పద్ధతి గురించి రాసేవాళ్లు ఎక్కువగా పది గదుల హంగు గురించే రాస్తారు. ముఖ్యమైన సంగతి అది కాదు. ఆ 117 మంది మార్కులను విడదీసి చూసినప్పుడు, అభ్యర్థికీ అభ్యర్థికీ మధ్య ఉన్న తేడా కంటే, ఒకే అభ్యర్థి ఒక గదిలో ఒకలా మరో గదిలో మరోలా రాణించడం వల్ల వచ్చిన తేడానే ఎక్కువని తేలింది. కోపంగా ఉన్న పేషెంట్‌ను చక్కగా శాంతింపజేసిన మనిషే, పక్క గదిలో సీనియర్ తప్పును ఎత్తిచూపాల్సి వస్తే నీళ్లు నమలొచ్చు. కాబట్టి ఒక్క సీన్‌లో చూసింది ఆ సీన్ గురించి చెప్పినంతగా మనిషి గురించి చెప్పదు. పది గదులు పెట్టింది అందుకే. ఒక్కో గది నమ్మదగ్గది కాదని తెలిసి, పదింటినీ కలిపి సగటు తీశారు.

అంకెల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. పది గదులూ కలిపితే మార్కుల నిలకడ, అంటే మళ్లీ పరీక్షిస్తే మార్కులు ఎంతవరకు అలాగే వస్తాయన్నది, 0.65 వచ్చింది. అంటే సున్నాకీ ఒకటికీ మధ్య, ఫర్వాలేదు అనదగ్గ చోట. గదులు తగ్గించుకుంటూ పోతే ఆ నిలకడ ఎంతవుతుందో చెప్పే పాత సూత్రం ఒకటుంది. అది వాడి లెక్కేస్తే మూడు గదులకు సుమారు 0.36, ఒక్క గదికి 0.16. ఈ సారి గొడవంతా ఆ 0.16 మీదే.

ఎందుకంటే పీజీ ఇంటర్వ్యూల్లో చాలా చోట్ల జరిగింది ఇదే. కోపిష్టి పేషెంట్ ప్రశ్న బాగుందనుకున్నారు, తీసుకున్నారు. పది గదులు ఖర్చనుకున్నారు, వదిలేశారు. చివరికి పాత ముగ్గురు పెద్దల బల్ల ముందుకే కొత్త ప్రశ్న వచ్చి చేరింది. ఇరవై నిమిషాల్లో 'ఈ స్పెషాలిటీ ఎందుకు', ఒక నీతి ప్రశ్న, ఒక పేషెంట్ సీన్.

ఆ సీన్ లోపల ఏం జరుగుతుందో ఒకటి దగ్గరగా చూద్దాం. అత్యవసర విభాగంలో 50 ఏళ్ల మనిషి. ఛాతీ నొప్పితో వచ్చాడు. మొదటి ఈసీజీ మామూలుగా ఉంది, గుండె కండరం దెబ్బతిన్నదా అని చూసే రక్తపరీక్ష ట్రోపోనిన్ కూడా మొదటిసారి మామూలుగానే వచ్చింది. రెండో ట్రోపోనిన్ ఇంకో మూడు గంటల తర్వాత తీయాలి. అతను గట్టిగా అరుస్తున్నాడు, సూది పీకేయమంటున్నాడు, ఇంటికి పోతానంటున్నాడు. నువ్వు డ్యూటీ డాక్టర్‌వి, ఏం చేస్తావు?

ప్రిపేర్ అయి వచ్చిన అభ్యర్థి నోట జవాబు నీళ్లలా వస్తుంది. ప్రశాంతంగా ఉంటాను, పక్కకు తీసుకెళ్లి కూర్చోబెడతాను, సానుభూతి చూపిస్తాను, రిస్క్ చెబుతాను, సీనియర్‌కి చెబుతాను, వినకపోతే డాక్టర్ సలహాకు విరుద్ధంగా వెళ్తున్నానని లామా సంతకం తీసుకుని కేస్ షీట్‌లో రాస్తాను. ఒక్క మాట తప్పు లేదు. మార్కుల షీటులో సగానికి పైగా గడులు నిండిపోతాయి. ఈ జవాబు ఏ పేషెంట్‌కైనా సరిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకో అభ్యర్థి తడబడుతూ మొదలుపెడుతుంది. కాసేపు ఆగి, 'ఇంటికి ఎందుకు వెళ్లాలంటున్నాడో అడిగారా సార్?' అంటుంది. సీన్ బాగా రాసి ఉంటే దానికి జవాబు ప్యానెల్ చేతిలోని కాగితం మీద ఉంటుంది: ఇంట్లో మంచం పట్టిన తల్లి ఒంటరిగా ఉంది, ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు పని మారిపోయింది. కోపం తగ్గించడం కాదు, తల్లి దగ్గరికి ఎవరినైనా పంపే దారి చూడాలి. పంపగలిగితే మూడు గంటలు ఉండటానికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే, తను చెప్పింది అతనికి అర్థమైందా, గుర్తుంచుకోగలుగుతున్నాడా, మంచిచెడ్డలు బేరీజు వేసుకోగలుగుతున్నాడా, తన నిర్ణయం చెప్పగలుగుతున్నాడా అని చూడాలి. ఈ నాలుగూ ఉంటే ఆపే హక్కు డాక్టర్‌కు లేదు. సంతకం తీసుకున్నంత మాత్రాన బాధ్యత కూడా తీరిపోదు. ఏ లక్షణం వస్తే వెంటనే తిరిగి రావాలో చెప్పాలి, మళ్లీ వస్తే ముఖం చిట్లించకుండా చూస్తామని కూడా చెప్పాలి.

మొదటి అభ్యర్థిది అప్పజెప్పిన పాఠమా, నిజమైన ఆలోచనా అని తెలుసుకోవడానికి అనుభవమున్న పరీక్షకులు సీన్‌లో ఒక్క ముక్క మారుస్తారు. 'అతని దగ్గర మందు వాసన వస్తోంది, ఇప్పుడేం చేస్తావు?' అంటారు. పాఠం చెప్పేవాడు మళ్లీ సానుభూతి దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. ఆలోచించేవాడు, తాగి ఉండటానికీ నిర్ణయం తీసుకునే శక్తి లేకపోవడానికీ తేడా ఉందనీ, ఆ నాలుగూ మళ్లీ చూడాలనీ అంటాడు. ఇక్కడ మంచి ప్యానెల్‌కు తేడా పట్టుబడుతుంది. కానీ ఈ రెండో ప్రశ్న అందరినీ ఒకేలా అడగాలి. పొద్దున వచ్చినవాడిని అడిగి, టీ తర్వాత వచ్చినవాడిని వదిలేస్తే ఆ తేడా ప్యానెల్ తెచ్చిపెట్టిందే.

'ఎందుకు ఈ స్పెషాలిటీ' ప్రశ్నకు పట్టిన గతీ ఇదే. ఇంట్లో ఎవరికో జబ్బు చేసింది, అప్పుడే అనుకున్నాను అనే కథలు ప్యానెల్‌కు ఎన్ని వినిపించాయో లెక్క లేదు. 'ఈ డిపార్ట్‌మెంట్‌లో ఏ రాత్రి డ్యూటీలో ఇది నాకొద్దనిపించింది?' అని అడిగితే అసలు మాట వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, అక్కడ నిజంగా పనిచేసినవాళ్లకే ఆ రాత్రి ఉంటుంది కాబట్టి.

డిపార్ట్‌మెంట్ల వాదనలో బలమైన భాగం 2020 నాటిది. బ్రిటన్‌లో జీపీ, అంటే కుటుంబ వైద్యుల ట్రైనింగ్‌కు అప్పటిదాకా పేషెంట్‌గా, బంధువుగా, సహోద్యోగిగా నటులను కూర్చోబెట్టి అభ్యర్థులను మాట్లాడించేవాళ్లు. కోవిడ్‌తో అది ఆగిపోయింది, తర్వాత తిరిగి రాలేదు. ఇప్పుడు కంప్యూటర్ పరీక్ష మార్కులే. అందులో వృత్తిపరమైన చిక్కుల ప్రశ్నలున్నా మనిషి ముఖం చూసేవాళ్లు లేరు. ఇంటర్వ్యూను తప్పుపడుతూ పోతే చివరికి మిగిలేది ఇదే అని విభాగాధిపతులు అంటారు. అది ఉత్త బెదిరింపు కాదు.

కానీ అభ్యర్థులు అడుగుతున్నది ఇంటర్వ్యూ ఎత్తేయమని కాదు. ఇక్కడ ఖర్చు మాట ఒక్కసారి లెక్కేసి చూడాలి. ముగ్గురు డాక్టర్లు ఒక్కో అభ్యర్థితో ఇరవై నిమిషాలు కూర్చుంటే అభ్యర్థికి అరవై డాక్టర్-నిమిషాలు. ఒక్కో డాక్టర్‌ను ఒక్కో గదిలో పెట్టి, గదికి పది నిమిషాలిస్తే అదే అరవై నిమిషాలకు ఆరు గదులు వస్తాయి. ఒకే గదిలో పరీక్షకులను పెంచడం కన్నా గదులను పెంచడమే ఎక్కువ మేలు చేస్తుందని మెక్‌మాస్టర్ లెక్కలే చెప్పాయి. ఆ లెక్కన ఆరు గదులకు నిలకడ 0.53. అదనంగా కావాల్సింది ఐదు గదులు, ఐదు సీన్లు రాసేవాళ్లు, ఒక్కో అభ్యర్థికి ఇంకో నలభై నిమిషాలు.