సైన్యం నుంచి సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇంటర్వ్యూకి: అపోహలు - వాస్తవాలు

ఆఫీసు భవనాల సెక్యూరిటీ చూడటం నా పని. సూపర్‌వైజర్ పోస్టుకు ఇంటర్వ్యూ పెట్టినప్పుడు ప్యానెల్‌లో కూర్చుంటాను. ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి, మొదటిసారి సివిల్ ఇంటర్వ్యూకి వచ్చిన ఒకాయన జవాబులను పట్టుకుని ఈ అపోహల గురించి రాస్తున్నాను. ఆయనలాంటి వాళ్లు చాలామంది ఇవే జవాబులు చెబుతారు.

అపోహ: ఎంత కఠినంగా కనిపిస్తే అంత మంచిది.

ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "రాత్రి పదకొండు గంటలకు ఒక సీనియర్ మేనేజర్ ల్యాప్‌టాప్ బ్యాగుతో బయటికి వెళ్తున్నారు. మెడలో ఐడీ కార్డు లేదు. బ్యాగు చూపించనంటున్నారు. ఏం చేస్తారు?"

"ఆపేస్తాను సర్. బ్యాగు చూపించేదాకా గేటు దాటనివ్వను."

వాస్తవం: సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు పోలీసు అధికారాలు ఉండవు. చాలా ఆఫీసుల్లో బ్యాగు తనిఖీ ఉద్యోగి ఒప్పుకున్న నిబంధనల మీద నడుస్తుంది. ఆయన కాదంటే అది నిబంధన ఉల్లంఘన అవుతుంది, దాన్ని తేల్చాల్సింది కంపెనీ. బలవంతంగా బ్యాగు లాక్కున్నా, మనిషిని కదలనివ్వకుండా పట్టుకున్నా, చిక్కుల్లో పడేది గార్డే.

మేము వినాలనుకున్న జవాబు ఇలా ఉంటుంది. ముందు పేరు, ఉద్యోగి నంబర్ అడిగి సిస్టమ్‌లో ఫొటోతో సరిచూస్తాను. ల్యాప్‌టాప్ ఆయన పేరు మీద ఉందో లేదో చూస్తాను, లేకపోతే గేట్ పాస్ అడుగుతాను. "సర్, రూల్ అందరికీ ఒకటే, ఒక్క నిమిషం" అని మర్యాదగా రెండోసారి చెబుతాను. అప్పటికీ ఒప్పుకోకపోతే డ్యూటీ మేనేజర్‌కు ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు చేస్తాను. సీసీటీవీ టైమ్ నోట్ చేసుకుని, షిఫ్ట్ దిగేలోపు రిపోర్ట్ రాస్తాను.

ఆయన మొదటి జవాబు తప్పని వెంటనే కొట్టిపారేయలేదు. "మేనేజర్ మీ మీద అరిస్తే?" అని అడిగాం. "అరవనిస్తాను సర్, నేను గొంతు పెంచను" అన్నారు. ప్యానెల్ ఆయన వైపు మొగ్గింది అక్కడే. సైన్యంలో అలవాటైన నిగ్రహం కనిపించాల్సిన చోటు ఇదే, ఛాతీ విరుచుకుని కూర్చోవడంలో కాదు.

అపోహ: రిపోర్ట్ రాయడం గుమాస్తా పని.

వాస్తవం: మేము కాగితం ఇచ్చి, ఏదో ఒక సంఘటనను నాలుగు వాక్యాల్లో రాయమంటాం. "తాగి వచ్చి గొడవ చేశాడు" అని రాస్తే అది రాసినవాడి అభిప్రాయం. "మాట తడబడింది, మద్యం వాసన వచ్చింది, రెండుసార్లు కౌంటర్ మీద కొట్టాడు" అని రాస్తే చూసిన విషయం. విచారణలో నిలబడేది రెండోదే. గార్డ్ డ్యూటీలో టైమ్ వేసి లాగ్ రాసినవాళ్లకు ఇది కొత్త కాదు. కానీ ఇంటర్వ్యూలో దాన్ని చెప్పుకోవాలని తోచదు.

అపోహ: రోజుకు మూడు షిఫ్టులు కాబట్టి ఒక పోస్టుకు ముగ్గురు చాలు.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆగకుండా నడిచే పోస్టుకు వారానికి 168 గంటలు కావాలి. ఒక మనిషి 48 గంటలు చేస్తే పోస్టుకు మూడున్నర మంది పడతారు. అలాంటి పోస్టులు నాలుగుంటే 672 గంటలు, అంటే 14 మంది. ఆయన 12 అన్నారు. 12 మందితో 576 గంటలే వస్తాయి. మిగతా 96 గంటలకు ఎవరో ఒకరు డబుల్ డ్యూటీ చేయాలి. వరసగా రెండో షిఫ్ట్ చేస్తున్న మనిషి తెల్లవారుజామున కునుకు తీస్తే తప్పు అతనొక్కడిదేనా? ఈ లెక్కలో సెలవులు, జ్వరాలు ఇంకా కలపలేదు. అవి కూడా వేసుకుంటే నేనైతే 16 అడుగుతాను.

వారపు సెలవు సంగతి గుర్తు చేయగానే ఆయనే కాగితం మీద లెక్క సరిచేసుకున్నారు. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి అని గార్డ్ రోస్టర్ వేసిన చెయ్యి కదా.

అపోహ: ఆయుధాల అనుభవం చెబితే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: ఆయుధం లేని పోస్టుకు అది దాదాపు పనికిరాదు. ఫైర్ అలారం మోగితే యాక్సెస్ డోర్లు తెరుచుకున్నాయో లేదో ఎవరు చూస్తారు, అసెంబ్లీ పాయింట్ దగ్గర విజిటర్ల లెక్క ఏ రిజిస్టర్‌తో సరిచూస్తారు, అవి చెప్పండి.

అపోహ: ప్యానెల్‌ను ఎదురు ప్రశ్నలు అడిగితే క్రమశిక్షణ లేదనుకుంటారు.

వాస్తవం: అడగకపోతేనే నాకు అనుమానం. ఒక్కో పోస్టులో ఏం చేయాలో రాతపూర్వకంగా ఉందా? ఎవరైనా రాకపోతే రిలీవర్‌ను ఎవరు పంపుతారు? బ్యాగు తనిఖీ ఉద్యోగుల నిబంధనల్లో ఉందా? ఆయన చివర్లో ఒక్కటే అడిగారు: "రాత్రి డ్యూటీ మేనేజర్ ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలి సర్?" ప్యానెల్‌లో ఇద్దరం ఇద్దరి పేర్లు చెప్పాం. ఆ వారమే కాల్ లిస్ట్ సరిచేశాం, ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నాం.