మినిట్స్‌లో అంకెలు, అనుబంధాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బడ్జెట్ పాసైతే ఖర్చుకూ ఆమోదం వచ్చేసినట్టే.

వాస్తవం: ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఈ ఏడాది లిఫ్ట్ రిపేర్ల పద్దు కింద రూ. 3,00,000 పెట్టుకుందనుకుందాం. అది కేటాయింపు. తర్వాత కమిటీ రోపులు మార్చడానికి ఒక కొటేషన్‌కు ఒప్పుకుంది: పని రూ. 2,40,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 43,200, మొత్తం రూ. 2,83,200. ఇది మంజూరు. అందులో సగం, రూ. 1,41,600, అడ్వాన్సుగా ఇచ్చారు. ఇది చెల్లింపు. పని ఒక్కటే, అంకెలు మూడు.

"లిఫ్ట్‌కు 3 లక్షలు ఆమోదించారు" అని రాసి వదిలేస్తే, మిగిలిన రూ. 16,800 కూడా ఆ పనికే ఇవ్వొచ్చని రేపు ఎవరైనా వాదించగలరు. నేనైతే ఇలా రాస్తాను:

"లిఫ్ట్ రోపుల మార్పిడికి జీఎస్టీతో కలిపి రూ. 2,83,200 మించకుండా ఖర్చు చేయడానికి కమిటీ ఆమోదించింది. పద్దు: లిఫ్ట్ రిపేర్లు, కేటాయింపు రూ. 3,00,000. కొటేషన్: అనుబంధం 2, పేజీ 1."

"మించకుండా", "జీఎస్టీతో కలిపి" అన్న మాటలు వదలకండి. గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. అడ్వాన్సు ఇచ్చాక, ఆ చెల్లింపును తేదీతో సహా తర్వాతి మీటింగు మినిట్స్‌లో రాయాలి.

అపోహ: రిపోర్టు సభ ముందు పెట్టారంటే ఆమోదించినట్టే.

వాస్తవం: కాదు. సభ ముందుంచారు, చర్చించారు, ఆమోదించారు, ఇవి మూడూ వేర్వేరు. కోశాధికారి లెక్కలు చదివి కూర్చుంటే "సభ ముందుంచారు" అని మాత్రమే రాయాలి. తీర్మానం జరిగితేనే "ఆమోదించారు".

అపోహ: "వివరాలు జతచేశాం" అని రాస్తే చాలు.

వాస్తవం: ఏ కాగితమో ఆర్నెల్ల తర్వాత తెలియాలి కదా! అనుబంధం నంబరు, శీర్షిక, తేదీ, ఎన్ని పేజీలు అన్నది మినిట్స్‌లోనూ ఆ కాగితం పైనా ఒకేలా ఉండాలి. ప్రతి పేజీ మీదా అధ్యక్షుడి పొట్టి సంతకం వేయించండి. కంపెనీల బోర్డు మీటింగులకైతే, కంపెనీ సెక్రటరీల సంస్థ ఐసీఎస్ఐ పెట్టిన సెక్రటేరియల్ స్టాండర్డ్-1 ఇలాంటిదే అడుగుతుంది: అజెండా నోట్సులో లేకుండా మీటింగులోనే పెట్టిన సంతకం లేని రిపోర్టును బట్టి నిర్ణయం తీసుకుని, మినిట్స్‌లో దాన్ని ప్రస్తావిస్తే, చైర్మన్ గానీ కంపెనీ సెక్రటరీ గానీ దానిమీద ఇనిషియల్ వేయాలి.

ఇంకో చిక్కు ఉంది. మీటింగు అయ్యాక కోశాధికారి ఎక్సెల్ షీట్‌లో ఏదో సరిచేసి, కొత్త ప్రింటు తెచ్చి "ఇది పెట్టండి సార్" అంటాడు. పెట్టకూడదు. సభ చూసింది పాత ప్రింటే కాబట్టి తప్పుతో సహా అదే అనుబంధంగా ఉండాలి. సవరించిన షీటును తర్వాతి మీటింగులో కొత్త నంబరుతో పెట్టి, ఏ అంకె ఎంత నుంచి ఎంతకు మారిందో అప్పటి మినిట్స్‌లో రాయాలి.