ప్రీమియర్ పెడితే మంచిదా, నేరుగా అప్‌లోడ్ చేస్తే మంచిదా? అపోహలు - వాస్తవాలు

యూట్యూబ్ ఛానళ్ల అనలిటిక్స్ చూసిపెట్టడం నా పని. వీడియో ఎడిటింగ్ అయిపోగానే అందరూ అడిగేది ఒకటే: ప్రీమియర్ పెడదామా, అంటే ముందే సమయం ప్రకటించి ఆ సమయానికి అందరూ లైవ్ చాట్‌తో కలిసి చూసేలా విడుదల చేద్దామా, లేక వెంటనే వదిలేద్దామా? చాలామంది మొదటి రోజు వ్యూస్ చూసి తేల్చేస్తున్నారు. లెక్క తప్పేది అక్కడే.

అపోహ: ప్రీమియర్‌కు నోటిఫికేషన్లు ఎక్కువ, కాబట్టి మొదటి రోజు వ్యూస్ కూడా ఎక్కువే.

వాస్తవం: ప్రీమియర్ పేజీలో Notify me నొక్కినవాళ్లకు మొదలవడానికి సుమారు అరగంట ముందు ఒకసారి, మొదలయ్యేటప్పుడు ఇంకోసారి గుర్తుచేస్తుంది. ఆ బటన్ నొక్కేంత ఆసక్తి ఉన్నవాళ్లలో చాలామంది మామూలుగా అప్‌లోడ్ చేసినా చూసేవాళ్లే. రోజంతా విడివిడిగా వచ్చే జనం ఒకే గంటలో వస్తే గ్రాఫ్ ఒక్కసారిగా లేస్తుంది. అంతమాత్రాన కొత్తవాళ్లు వచ్చినట్టు కాదు. ట్రాఫిక్ సోర్స్‌లు తెరిచి, హోమ్ పేజీ నుంచీ సజెస్టెడ్ వీడియోల నుంచీ ఎంతమంది వచ్చారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

నష్టం కూడా ఉంది. మూడు రోజుల ముందే షెడ్యూల్ చేస్తే ఆ మూడు రోజులూ క్లిక్ చేసినవాళ్లకు వీడియో ఉండదు, కౌంట్‌డౌన్ మాత్రమే ఉంటుంది. అప్పుడే చూడాలనుకుని వచ్చి వెళ్లిపోయినవాళ్లందరూ మళ్లీ రారు. తెలియని ఛానల్‌ను మొదటిసారి చూస్తున్నవాళ్ల విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకో చిన్న జాగ్రత్త. అనలిటిక్స్‌లో రోజువారీ లెక్క పసిఫిక్ టైమ్ ప్రకారం నడుస్తుంది. తేదీ చూసి పోలిస్తే ఒక వీడియోకు పూర్తి రోజు, ఇంకోదానికి అరరోజు పడొచ్చు. విడుదలైన గంట నుంచి 24 గంటలు లెక్కపెట్టండి.

అపోహ: లైవ్ చాట్ హోరెత్తితే వీడియో హిట్టే.

వాస్తవం: చాట్ వీడియో మొదలవకముందే తెరుచుకుంటుంది. అందులో సగం పలకరింపులే ఉండొచ్చు. ఐదారుగురు ఆపకుండా రాసినా మెసేజ్‌ల సంఖ్య పెద్దగానే కనిపిస్తుంది. ఎన్ని మెసేజ్‌లు అని కాకుండా, వీడియో నడుస్తుండగా ఎంతమంది వేర్వేరు మనుషులు రాశారో చూడండి. నేరుగా అప్‌లోడ్ చేసినదానికి లైవ్ చాట్ ఉండదు కాబట్టి దాన్ని సున్నాతో పోల్చడం అన్యాయం. చాట్‌నూ కామెంట్లనూ కలిపి, ఎంతమంది స్పందించారన్నదే రెండు వైపులా లెక్కించాలి. చాట్ రీప్లేతో మాత్రం ఒక మంచి ఉపయోగం ఉంది: ఏ నిమిషంలో జనం ప్రశ్నలు మొదలుపెట్టారో అక్కడ మీ వివరణ స్పష్టంగా లేదేమో చూసుకోవచ్చు.

అపోహ: ప్రీమియర్ వీడియోలకు రిటెన్షన్, అంటే జనం వీడియోను ఎంతవరకు చూస్తారన్నది, బాగుంటుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే ఛానల్, రెండు వీడియోలు, రెండూ 12 నిమిషాలవే. ప్రీమియర్ చేసినదానికి మొదటి 24 గంటల్లో 4,000 వ్యూస్, సగటున 5 నిమిషాలు చూశారు. నేరుగా పెట్టినదానికి 3,600 వ్యూస్, సగటు 4 నిమిషాల 20 సెకన్లు. ప్రీమియరే గెలిచినట్టుంది కదా?

ఇప్పుడు లైవ్‌లో చూసినవాళ్లను విడదీద్దాం. వాళ్లవి 700 వ్యూస్, సగటు 8 నిమిషాలు, అంటే 5,600 నిమిషాలు. మొత్తం 20,000 నిమిషాల్లోంచి అవి తీసేస్తే 14,400 మిగులుతాయి. మిగిలిన 3,300 వ్యూస్‌తో భాగిస్తే సగటు దాదాపు 4 నిమిషాల 22 సెకన్లు. రెండో వీడియోకూ దీనికీ తేడా లేనట్టే. సగటును పైకి లేపింది ఆ 700 మాత్రమే. లైవ్‌లో ముందుకు జరపడానికి వీలుండదు, పైగా వచ్చినవాళ్లు మీ ఛానల్ మీద ఇష్టంతో వచ్చినవాళ్లు.

తారుమారు కూడా అవుతుంది. ఐదో నిమిషంలో లైవ్‌లోకి వచ్చి చివరిదాకా కూర్చున్న మనిషి చూసింది 7 నిమిషాలే. లెక్కలో అది 58 శాతం. అసలు అతను ఎక్కడా వదల్లేదు. ఇలాంటివాళ్లు ఎక్కువైతే గ్రాఫ్ మొదట్లో తక్కువగా ఉండి మధ్యలో పెరుగుతుంది. అది చూసి ఇంట్రో బాగాలేదని కత్తిరించేయకండి. ముందు లైవ్ వ్యూస్ పక్కన పెట్టి చూడండి.

అందుకే తర్వాతి రిటెన్షన్ కోసం నేను 8వ రోజు నుంచి 28వ రోజు వరకు తీసుకుంటాను. అప్పటికి రెండూ మామూలు వీడియోలే; ప్రీమియర్ అయిపోయాక అదే లింక్‌తో అందరికీ ఒకేలా నడుస్తుంది.

అపోహ: ఒకసారి అటు, ఒకసారి ఇటు చేసి చూస్తే తేలిపోతుంది.

వాస్తవం: ఒకే వీడియోను రెండు రకాలుగా విడుదల చేయలేం. కాబట్టి తేడా విడుదల పద్ధతిదో, విషయానిదో, థంబ్‌నెయిల్‌దో చెప్పలేం. ఒకే తరహా వీడియోలు తీసుకుని, వారంలో ఒకే రోజున, ఒకే గంటకు, ఒకటి విడిచి ఒకటి ప్రీమియర్ చేయండి. కనీసం నాలుగైదు జతలైనా కావాలి. ప్రతి జతలోనూ ఫలితం ఒకే వైపు మొగ్గితే నమ్మండి. ఒక జతలో అటు, ఇంకో జతలో ఇటు వస్తే మీ ఛానల్‌కు పద్ధతి వల్ల పెద్ద తేడా లేదు. సెర్చ్ ద్వారా జనం వచ్చే వీడియోలైతే వెంటనే వదిలేయండి, మీ వీక్షకులు చాట్‌లో కలవడానికి ఇష్టపడేవాళ్లైతే ప్రీమియర్ పెట్టండి.