64 రౌండ్ల గొడవ: మలుపు 2018లోనే ఉంది

ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చడానికి 64 రౌండ్లు తిప్పడం దండగ, నాలుగైదు చాలు అన్న వాదన క్రిప్టో లైబ్రరీలు వాడేవాళ్లలో మళ్లీ రాజుకుంది. ఒక్కో రౌండ్‌లో ఒక్కో యాదృచ్ఛిక సంఖ్యతో సోదా చేసే మిల్లర్–రాబిన్ పరీక్ష ఎలా పుట్టిందో చాలామందికి తెలిసిందే కాబట్టి ఆ కథ జోలికి పోవడం లేదు. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే 2018 నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది ఆల్‌బ్రెక్ట్, మాసిమో, పాటర్సన్, సొమొరోవ్‌స్కీ అనే నలుగురు పరిశోధకులు రకరకాల క్రిప్టో లైబ్రరీలకు తాము కావాలని తయారుచేసిన సంఖ్యలు ఇచ్చి చూశారు. 2048 బిట్ల సంయుక్త సంఖ్యలను వాటిలో ఒకటైన అప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన డిఫాల్ట్ సెట్టింగ్‌లో 16సార్లకు ఒకసారి 'ప్రధాన సంఖ్యే' అని పాస్ చేసింది. అది చెప్పుకున్న పొరపాటు అవకాశం మాత్రం 2^-80. కోడ్‌లో బగ్ ఏమీ లేదు. రౌండ్ల సంఖ్య ఈ పట్టికలోంచి వచ్చింది, మొదటి మూడు వరుసలు ఇవి:

```
#define BN_prime_checks_for_size(b) ((b) >= 1300 ?  2 : \
                                     (b) >=  850 ?  3 : \
                                     (b) >=  650 ?  4 : \
```

1300 బిట్లు దాటితే రెండే రౌండ్లు. ఒక్కో రౌండ్‌లో మోసపోయే అవకాశం గరిష్ఠంగా నాలుగో వంతు, రెండు రౌండ్లకు పదహారో వంతు. దాడి చేసేవాడికి దక్కింది సరిగ్గా ఆ గరిష్ఠమే.

ఆ నాలుగో వంతు ఎక్కడిదో చిన్న సంఖ్య మీద చూడొచ్చు. 91 తీసుకుందాం. అది 7×13, కానీ పరీక్షకు ఆ సంగతి తెలియదు. 91 లోంచి ఒకటి తీసేస్తే 90, అంటే 2×45. యాదృచ్ఛికంగా ఒక సాక్షిని, అంటే a అనే సంఖ్యను ఎంచుకుని, a^45 ని 91తో భాగించి శేషం చూడాలి. శేషం 1 గానీ 90 గానీ వస్తే ఆ రౌండ్ పాస్, ఇంకేం వచ్చినా 91 సంయుక్త సంఖ్యే. (90లో 2 ఒక్కసారే ఉంది కాబట్టి ఇక్కడ మళ్లీ వర్గం చేసే పని లేదు.) a = 2 అనుకోండి. 2^12 = 4096, అంటే 91×45 కంటే ఒకటి ఎక్కువ, శేషం 1. కాబట్టి 2^45 శేషమూ 2^9 శేషమూ ఒకటే. 512లోంచి 455 పోతే 57. దొంగ దొరికాడు. ఇప్పుడు a = 10 తీసుకోండి. 10^3 = 1000, అంటే 91×11 కంటే ఒకటి తక్కువ, శేషం −1. దాన్ని 15సార్లు గుణిస్తే 10^45 శేషం కూడా −1, అంటే 90. రౌండ్ పాస్. 10 మనకు అబద్ధపు సాక్షి.

1 నుంచి 90 దాకా ఇలాంటి అబద్ధపు సాక్షులు 18 మంది, అంటే అయిదో వంతు. 7, 13 ఏదో ఒకటి తీసుకున్న జంట కాదు: 13 అంటే 2×7−1, పైగా 7ను 4తో భాగిస్తే శేషం 3. ఇదే అచ్చులో పెద్ద ప్రధాన సంఖ్యలు రెండు పట్టి గుణిస్తే అబద్ధపు సాక్షుల వాటా నాలుగో వంతుకు దగ్గరవుతూ పోతుంది. నాలుగో వంతు దాటదని 1980లో రాబిన్, మోనియర్ విడివిడిగా నిరూపించారు. ఏ సంఖ్య ఇచ్చినా, ఎవరిచ్చినా నిలబడే హామీ అదొక్కటే. ఆ హామీతో 2^-80 కావాలంటే 40 రౌండ్లు, 2^-128 కావాలంటే 64. ఇప్పుడు అందరూ తిట్టుకుంటున్న 64 ఇదే.

మరి రెండు రౌండ్ల పట్టిక ఎక్కడి నుంచి ఊడిపడింది? అదీ తప్పుడు లెక్క కాదు. 1993లో డామ్‌గార్డ్, లాండ్‌రాక్, పోమరెన్స్ వేరే ప్రశ్న అడిగారు. మనమే యాదృచ్ఛికంగా ఒక బేసి సంఖ్యను తీసి, అది t రౌండ్లు పాసైతే, సంయుక్తమై ఉండే అవకాశం ఎంత? 91 లాంటి సంఖ్యలు చాలా అరుదు. మామూలు పెద్ద సంయుక్త సంఖ్యలకు అబద్ధపు సాక్షులు దాదాపు ఉండరు. అందుకే k బిట్ల సంఖ్యకు ఒక్క రౌండ్ తర్వాత మిగిలే అవకాశం k²·4^(2−√k) కన్నా తక్కువ అని తేల్చారు. k = 1024 పెడితే √k = 32, మొత్తం 2^20 × 2^-60, అంటే 2^-40. ఒక్క రౌండ్‌కే అంత! సంఖ్య ఇంకా పెద్దదయ్యేకొద్దీ రౌండ్లు తగ్గడం కూడా అందుకే.

నాలుగైదు చాలు అనేవాళ్ల బలమంతా ఈ లెక్కే. కీ తయారుచేసేటప్పుడు సంఖ్యను తీసేది మన యంత్రమే కాబట్టి ఆ మాట నిజం. ఖర్చు సంగతీ కాదనలేం. 1024 బిట్ల బేసి సంఖ్యల్లో సగటున 355కు ఒకటి ప్రధాన సంఖ్య. 2000 లోపు ప్రధాన సంఖ్యలతో ముందే భాగించి ఏరేస్తే 50 చిల్లర మిగులుతాయి, అవి దాదాపు అన్నీ మొదటి రౌండ్‌లోనే పోతాయి. చివరికి దొరికిన అసలు సంఖ్య మీద మరో 63 రౌండ్లు తిప్పితే పని రెట్టింపు దాటుతుంది.

కానీ పాత పట్టిక పైన ఉన్న కామెంట్‌లోనే ఒక షరతు రాసి ఉంది: యాదృచ్ఛిక ఇన్‌పుట్‌కు మాత్రమే అని. షరతు కామెంట్‌లో ఉండిపోయింది, బయటివాళ్లు పంపిన సంఖ్యను పరీక్షించేటప్పుడు కూడా అదే పట్టిక డిఫాల్ట్‌గా పనిచేసింది. రెండు యంత్రాలు రహస్య కీ కుదుర్చుకునే డిఫీ–హెల్‌మన్ పద్ధతిలో సర్వర్ పంపే ప్రధాన సంఖ్య p అలాంటిదే. ఆ p సంయుక్తమై, దాని కారణాంకాలు పంపినవాడికి తెలిస్తే, విడదీయలేమనుకున్న లెక్క చిన్న చిన్న సంఖ్యల మీదికి దిగిపోతుంది. అక్కడ 'సగటు సంఖ్య' అన్న మాటకు అర్థం లేదు, ఎదుటివాడు ఏరి ఏరి 91కి పెద్దన్నను పంపుతాడు.

రౌండ్లు పెంచితే అన్నీ సర్దుకుంటాయనుకోవడం కూడా సగమే నిజం. నాలుగో వంతు లెక్క నిలబడాలంటే సంఖ్య చేతికొచ్చాకే, ఎదుటివాడు ఊహించలేని సాక్షులను ఎంచాలి. 1995లోనే ఆర్నో 307 లోపు ప్రధాన సంఖ్యలన్నిటినీ సాక్షులుగా పెట్టినా పాసయ్యే 397 అంకెల సంయుక్త సంఖ్యను కట్టి చూపించాడు. 2018 పరిశోధకులు జీఎంపీ అనే మరో లైబ్రరీ సిఫారసు చేసిన కనీస రౌండ్లతో ఎప్పుడూ పాసయ్యే 1024 బిట్ల సంయుక్త సంఖ్యలు కట్టారు, ఎందుకంటే దాని యాదృచ్ఛికత ప్రతిసారీ ఒకే చోట మొదలయ్యేది. సాక్షులు ముందే తెలిస్తే వాళ్లు ఎంతమంది వచ్చినా ఒకటే మాట చెబుతారు. ఆ తర్వాత జీఎంపీ 6.2 బెయిలీ–పీఎస్‌డబ్ల్యూ పరీక్షను కలుపుకుంది. 2 సాక్షిగా ఒక మిల్లర్–రాబిన్ రౌండ్, దాంతోపాటు వేరే రకమైన ల్యూకాస్ పరీక్ష ఉంటాయి అందులో. దాన్ని మోసం చేసిన సంయుక్త సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. దొరకదన్న నిరూపణ కూడా లేదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం 2021లో వచ్చిన 3.0లో పరీక్షించే ఫంక్షన్‌కు 2048 బిట్ల దాకా 64, అంతకు మించితే 128 రౌండ్లు ఖాయం చేసింది. పాత BN_is_prime_ex లో రౌండ్లు ఎన్నో పిలిచేవాడే చెప్పొచ్చు. కొత్తగా వచ్చిన BN_check_prime కు ఆ ఆర్గ్యుమెంటే లేదు. రౌండ్లు తగ్గించమని వచ్చే ఏ ప్యాచ్‌నైనా చూసేటప్పుడు అది ముట్టుకుంటున్నది కీ తయారీనా, ఈ ఫంక్షన్‌నా అన్నది ముందు చూడండి. మొదటిదైతే 1993 లెక్క వాళ్ల పక్షానే ఉంది. రెండోదైతే సమాధానం 2018లోనే వచ్చేసింది.